వాడిన సెల్లులో ఎంత మిగిలింది?

తుఫాను రాత్రి కరెంటు పోతే మొగల్తూరు వంటి తీరప్రాంతపు ఊళ్ళలో టార్చిలైటే దిక్కు. అందులోని పెన్సిల్ సెల్లును ముందే పరీక్షించండి.

మల్టీమీటరును డి.సి. వోల్టుల వద్ద ఉంచి కొలిస్తే పాత సెల్లు కూడా 1.4 వోల్టులు చూపవచ్చు. దానిని నమ్మకండి, మీటరు లాగే కరెంటు అత్యల్పం.

సెల్లు రెండు కొనలకు 10 ఓముల నిరోధకాన్ని కలిపి, పది సెకండ్లాగి, అది ఉండగానే మళ్ళీ కొలవండి. 1 వోల్టుకు పడిపోయిందనుకోండి. అప్పుడు కరెంటు 1 ÷ 10 = 0.1 ఆంపియరు. తగ్గిన 0.4 వోల్టు సెల్లు లోపలి నిరోధానికే ఖర్చయింది. ఆ నిరోధం 0.4 ÷ 0.1 = 4 ఓములు. సెల్లు అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది.

ఇటువంటి సెల్లు టార్చికి చాలదు. గోడగడియారానికి స్వల్ప కరెంటు చాలు గనుక అందులో ఇంకొంతకాలం నడుస్తుంది. 1.3 వోల్టులకు పైన నిలిచినదాన్నే టార్చిలో వేయండి. ఛార్జి చేసుకునే సెల్లులకు మాత్రం ఈ అంకెలు వర్తించవు. వాటి మామూలు వోల్టేజియే 1.2.