ఉదయం బయల్దేరి సాయంత్రానికి అమెరికా! టికెట్‌లో లెక్క ఎక్కడ తప్పింది?



మన పిల్లల ఇళ్లలో చాలామందికి అమెరికాలో పెదనాన్నో, పిన్నో, మేనత్తో ఉంటారు. వేసవిలో అమ్మమ్మనో తాతయ్యనో విమానం ఎక్కిస్తారు. టికెట్ చేతికి రాగానే పిల్లలు తీసివేతలు మొదలుపెడతారు. "అమ్మా, అమ్మమ్మ పదకొండున్నర గంటల్లోనే డాలస్ వెళ్లిపోతుందా?" అని అడుగుతారు. తిరుగు టికెట్ చూసి, "మరి వచ్చేటప్పుడు ముప్పై గంటలెందుకు?" అని మళ్లీ అడుగుతారు. టికెట్ తప్పు కాదు, పిల్లల తీసివేతా తప్పు కాదు. మరి తేడా ఎక్కడుంది? ఒక నమూనా టికెట్ తీసుకుని చూద్దాం.

జూన్ 10న హైదరాబాద్‌లో 04:30కి బయల్దేరి దుబాయ్‌లో 07:00కి దిగుతారు. అదే రోజు దుబాయ్‌లో 09:00కి బయల్దేరి డాలస్‌లో 16:00కి, అంటే సాయంత్రం 4 గంటలకు దిగుతారు. పొద్దున నాలుగున్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా లెక్కేస్తే పదకొండున్నర గంటలు. నిజంగా పట్టేది 22 గంటలు.

ఒక టికెట్, మూడు గడియారాలు

టికెట్ మీద వేసే ప్రతి సమయం ఆ ఊరి గడియారం చూపించే సమయం. బయల్దేరే సమయం హైదరాబాద్ గడియారానిది, దిగే సమయం దుబాయ్ గడియారానిది. విమానాశ్రయానికి ఎప్పుడు చేరాలో, తీసుకెళ్లడానికి ఎవరు ఎప్పుడు రావాలో తెలియాలంటే అదే కావాలి కాబట్టి అలా వేస్తారు. కానీ ఒక గడియారం సమయాన్ని ఇంకో గడియారం సమయంలోంచి తీసేస్తే ప్రయాణ సమయం రాదు.

ఇది పిల్లలు భూగోళంలో చదివే పాఠమే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశ సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ దగ్గరి నుంచే పోతుంది. 82.5ను 15తో భాగిస్తే 5.5 వస్తుంది. అందుకే మనం గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర గంటలు ముందున్నాం. దుబాయ్ నాలుగు గంటలు ముందుంది, అంటే మనకంటే గంటన్నర వెనక. జూన్‌లో డాలస్ గ్రీన్‌విచ్ కంటే ఐదు గంటలు వెనక ఉంటుంది, అంటే మనకంటే పదిన్నర గంటలు వెనక.

అన్నిటినీ మన గడియారంలోకి తెద్దాం

డాలస్‌లో జూన్ 10 సాయంత్రం 4 గంటలకు పదిన్నర గంటలు కలపండి. మన సమయం ప్రకారం జూన్ 11 తెల్లవారుజామున 2:30 అవుతుంది. ఇప్పుడు రెండూ హైదరాబాద్ సమయాలే: 10న 04:30 నుంచి 11న 02:30 వరకు, 22 గంటలు. విడదీసి చూసినా అంతే వస్తుంది. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ ఆగేది రెండు గంటలు, డాలస్‌కి పదహారు గంటలు.

దుబాయ్‌లో ఆగే సమయానికి మాత్రం ఏ మార్పిడీ అక్కర్లేదు. 07:00, 09:00 రెండూ దుబాయ్ సమయాలే కాబట్టి నేరుగా తీసేయవచ్చు. అమ్మమ్మ చేతి గడియారం మాత్రం మన సమయమే చూపిస్తూ ఉంటుంది. దుబాయ్‌లో దిగేసరికి అందులో 8:30 అవుతుంది. దాన్ని చూసి ఇంకో అరగంటలో విమానం వెళ్లిపోతుందని ఆవిడ కంగారు పడకూడదు. దిగగానే అక్కడి తెర మీద కనిపించే సమయాన్నే నమ్మమని ముందే చెప్పండి.

తిరుగు ప్రయాణం

ఆగస్టు 5న డాలస్‌లో 11:30కి బయల్దేరి మరుసటి రోజు దుబాయ్‌లో 11:00కి దిగి, 13:00కి మళ్లీ ఎక్కి, హైదరాబాద్‌లో 18:00కి దిగుతారనుకోండి. టికెట్ మీద దిగే సమయం పక్కన +1 అని ఉంటుంది. బయల్దేరిన తేదీకి మరుసటి రోజు అని దానర్థం. చూడ్డానికి ముప్పైన్నర గంటలు. ఈసారి తూర్పుకు వస్తున్నాం కాబట్టి పదిన్నర గంటలు తీసేయాలి. అసలు ప్రయాణం 20 గంటలు.

మరి వెళ్లేటప్పుడు 22, వచ్చేటప్పుడు 20 ఎందుకు? ఈ తేడాకి గడియారాలతో సంబంధం లేదు. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వచ్చేటప్పుడు అవి వెనక నుంచి తోస్తాయి, వెళ్లేటప్పుడు ఎదురొస్తాయి.

ఇబ్బంది వచ్చేది ఎక్కడ?

మొదటిది తేదీ. 10వ తేదీ 04:30 అంటే 9వ తేదీ రాత్రే ఇంట్లోంచి బయల్దేరాలి. "పదో తేదీ కదా" అని 10న రాత్రి భోంచేసి విమానాశ్రయానికి వెళితే, అప్పటికి విమానం వెళ్లిపోయి చాలా గంటలవుతుంది.

రెండోది మందులు. అమ్మమ్మ రోజూ రాత్రి 9 గంటలకు బీపీ మాత్ర వేసుకుంటారనుకోండి. "సాయంత్రం నాలుగుకే దిగుతుంది కదా, అక్కడికెళ్లాక రాత్రి వేసుకుంటుంది" అనుకుంటాం. కానీ డాలస్‌లో రాత్రి 9 అయ్యేసరికి మనకు 11వ తేదీ ఉదయం 7:30. ముందు మాత్ర వేసుకున్నది 9వ తేదీ రాత్రి. రెండు మాత్రల మధ్య ముప్పైనాలుగున్నర గంటలు గడిచిపోతాయి. అందుకే డాక్టరుకు టికెట్ సమయాలు కాకుండా "మొత్తం ప్రయాణం 22 గంటలు, గడియారం పదిన్నర గంటలు వెనక్కి వెళుతుంది" అని చెప్పి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాయించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. మందులు చేతి సంచిలోనే పెట్టండి.

మూడోది చలికాలం. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతాయి. ఇండియా, దుబాయ్ జరపవు. కాబట్టి చలికాలంలో డాలస్‌కి, మనకి తేడా పదకొండున్నర గంటలవుతుంది. అప్పుడు అదే 22 గంటల ప్రయాణం సాయంత్రం 4కి బదులు 3కే ముగిసినట్టు టికెట్ చూపిస్తుంది.

మీ పిల్లలతో చేయించండి

ఇంట్లో పాత రానుపోను టికెట్ ఏదైనా ఉంటే తీయండి. గడియారాల తేడా సంగతి చెప్పకుండా, కనిపించే రెండు ప్రయాణ సమయాలనీ కలిపి సగం చేయమనండి. మన నమూనాలో 11:30, 30:30 కలిపితే 42 గంటలు, సగం 21. అసలు సమయాలైన 22, 20ల సగటు కూడా 21 గంటలే! వెళ్లేటప్పుడు ఎంత తగ్గినట్టు కనిపిస్తుందో, వచ్చేటప్పుడు అంతే పెరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేయండి: జూన్‌లో వెళ్లి డిసెంబరులో తిరిగొస్తే ఈ చిట్కా సరిగ్గా పనిచేస్తుందా? పనిచేయదు. ఎందుకో పిల్లలనే చెప్పనివ్వండి.