లారీలన్నీ పొద్దున్నే ఎందుకు బారులు తీరతాయి?

చాలామంది లారీ డ్రైవర్లు రాత్రంతా బండి నడిపి తెల్లారేసరికి గోడౌన్ చేరతారు. అందుకే రద్దీ అంతా పొద్దుటే.

ఒక గోడౌన్‌ని ఊహించుకోండి. లారీని వెనక్కి తెచ్చి ఆనించే డాకులు 4. ఒక్కో లారీ సరుకు దించడానికి ఒక జట్టు హమాలీలకు గంట పడుతుంది. ఉదయం 8కే 16 లారీలు వచ్చేశాయి. చివరి నాలుగింటికి 11 దాకా వంతు రాదు. నాలుగు జట్లూ చెమటలు కక్కుతూ 12కల్లా ముగిస్తాయి. మధ్యాహ్నమంతా ఖాళీ!

మరెలా? ముందురోజే ఒక్కో లారీకి ఒక సమయం ఇస్తారు. గంటకు రెండు చొప్పున వస్తే, 8 పని గంటల్లో అవే 16 లారీలకు రెండు డాకులు, రెండు జట్లు చాలు.

కాగితం మీద చాలు. దారిలో ఒక టైరు పంచరైతే ఆ ఆలస్యం వెనకున్న లారీలన్నిటి మీదా పడుతుంది. అందుకే మూడో డాకును ఖాళీగా ఉంచుతారు. మూడో జట్టు లోపల సరుకు సర్దుతుంటుంది, పిలవగానే వస్తుంది. నా లెక్కలో ఇది వృథా కాదు.

లారీలన్నిటికీ సమానంగా గంటసేపే ఇవ్వడమూ తప్పే. బస్తాలు మోసి దించడానికి ఎక్కువసేపు పడుతుంది, ఫోర్క్‌లిఫ్ట్‌తో అయితే తక్కువ. గేటు దగ్గరికి వచ్చిన వేళ, డాకుకు ఆనించిన వేళ రాసుకుంటే, ఏ పూట పట్టిక మార్చాలో ఆ తేడాయే చెబుతుంది.