చెప్పని మాటకు చెల్లని పాలసీ

బీమా చేసే సరుకు, దాని చుట్టూ ఉన్న ప్రమాదం యజమానికే బాగా తెలుసు. అందుకే పాలసీ తీసుకునేవారు ముఖ్యమైన విషయాలన్నీ అడగకపోయినా చెప్పాలన్నది వాణిజ్య బీమాలో పాత నియమం. దీన్నే ‘పరమ విశ్వాసం’ అంటారు. భారత సముద్ర బీమా చట్టం (1963) కూడా ఈ మాటే చెబుతుంది.

ఏది ముఖ్యం? ప్రీమియం ఎంత వేయాలో, అసలు బీమా ఇవ్వాలో వద్దో తేల్చుకోవడంలో వివేకం గల బీమాదారును ప్రభావితం చేసేది. ఉదాహరణకు, ఒక పత్తి వ్యాపారి గోదాములో ఓ మూల థిన్నర్ డబ్బాలు నిల్వ చేస్తూ ఆ సంగతి ప్రతిపాదన పత్రంలో రాయలేదనుకుందాం. తర్వాత షార్ట్ సర్క్యూట్‌తో పత్తి కాలింది. సర్వేయర్ డబ్బాలను గుర్తించాడు. మంటకు థిన్నర్ కారణం కాకపోయినా క్లెయిమ్ చిక్కుల్లో పడవచ్చు. ఎందుకంటే చూసేది ప్రమాద కారణాన్ని కాదు, ఒప్పందం నాడు దాచిన విషయాన్ని.

ఈ బాధ్యతకూ హద్దుంది. సుమత్రాలోని మార్ల్‌బరో కోటను ఫ్రెంచివారు పట్టుకున్నాక, కోట బలహీనతను దాచారని బీమాదారు వాదించాడు. బీమాదారు తనకు తెలిసిన, తెలుసుకోగలిగిన సంగతుల్ని చెప్పలేదని తప్పుపట్టలేడంటూ 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ వాదనను తోసిపుచ్చాడు.

బ్రిటన్‌లో 2015 చట్టం శిక్షను సడలించింది. ఉద్దేశపూర్వకంగా గానీ లెక్కలేనితనంతో గానీ దాచకపోతే, నిజం తెలిస్తే లక్ష వేయాల్సిన ప్రీమియం అరవై వేలే వేసి ఉంటే, క్లెయిమ్‌లో 60 శాతం చెల్లిస్తారు.