మొత్తం చూడు, మూలం దొరుకుతుంది

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా గడియారం లెక్క మారలేదు. 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి ఏడు సెకన్లు దొరుకుతాయి. అంత తక్కువ సమయంలో ఘన సమీకరణాన్ని మొదటి నుంచి సాధించనక్కర్లేదు. జవాబు నాలుగు ఆప్షన్లలో ఒకటై ఉంటుంది కాబట్టి, కానివాటిని ఏరేస్తే చాలు.

ఈ ప్రశ్న చూడండి: 2x³ − 3x² − 11x + 6 = 0 మూలాలు ఏవి?

1) 1, 2, −3/2
2) 3, −2, 1/2
3) −3, 2, −1/2
4) 3, 2, −1/2

ముందుగా మూలాల మొత్తం చూద్దాం. మూలాలు α, β, γ అయితే సమీకరణాన్ని 2(x−α)(x−β)(x−γ) = 0 అని రాయొచ్చు. దీన్ని విప్పితే x² గుణకం −2(α+β+γ) వస్తుంది. మన సమీకరణంలో అది −3. అంటే మూలాల మొత్తం 3/2. మూడో ఆప్షన్ మొత్తం −3/2, నాలుగోదాని మొత్తం 9/2. రెండూ పోయాయి. గుర్తు మరిచిపోయే విద్యార్థి కోసమే మూడోదాన్ని అక్కడ పెట్టారు.

ఇక మిగిలినవి ఒకటి, రెండు. చాలామంది ఇక్కడ లబ్ధం చూస్తారు. స్థిర పదం 6ను 2తో భాగించి గుర్తు మారిస్తే −3 రావాలి. కానీ రెండు ఆప్షన్లకూ −3 వస్తుంది! మొత్తం, లబ్ధం రెండూ సరిపోయాయని మొదటిదాన్ని గుర్తిస్తే మార్కు పోయినట్టే. ఈ పరీక్షలు తప్పును పట్టిస్తాయి గానీ ఒప్పును రుజువు చేయవు.

తేల్చేది ప్రతిక్షేపణే. ఒక ఆప్షన్‌లో ఉండి రెండోదానిలో లేని, తేలికైన సంఖ్యను ఎంచుకోవాలి. ఇక్కడ అది 1. x = 1 అంటే గుణకాలను కూడడమే: 2 − 3 − 11 + 6 = −6. సున్నా రాలేదు కాబట్టి 1 మూలం కాదు. జవాబు రెండో ఆప్షన్. రెండింటిలోనూ ఉన్న సంఖ్యతో పరీక్షిస్తే ఏమీ తేలదు.

పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, x³ గుణకంతో భాగించడం మరిచిపోవడం. పై లెక్కలో అలా చేస్తే మొత్తం 3 అనుకుంటాం, సరైన జవాబునే కొట్టేస్తాం. రెండు, పదం లేకపోవడాన్ని గమనించకపోవడం. x³ − 7x + 6 = 0లో x² పదం లేదు కాబట్టి మూలాల మొత్తం 7 కాదు, సున్నా.

మూలాల వర్గాల మొత్తం అడిగితే ఆప్షన్లను ప్రతిక్షేపించే దారి ఉండదు. అక్కడా మూలాలు కనుక్కోనక్కర్లేదు. మొత్తాన్ని వర్గం చేసి, మూలాలను రెండేసి గుణించి కూడగా వచ్చేదానికి రెట్టింపును అందులోంచి తీసేయాలి. పై సమీకరణంలో ఆ రెండేసి లబ్ధాల మొత్తం −11/2. కాబట్టి 9/4 + 11 = 53/4. రెండో ఆప్షన్‌తో సరిచూసుకుంటే 9 + 4 + 1/4, అదీ 53/4 అవుతుంది.