ఒకే క్యాప్షన్, రకరకాల స్వరాలు

ఫొటో కింద రాసే క్యాప్షన్‌లో మాటలు తక్కువ. రాసినవారి గొంతు చదివేవారికి వినపడదు. ఆ లోటును అక్షరాల తీరు, విరామచిహ్నాలు, ఎమోజీలు పూడుస్తాయి. కొన్ని నెలల తరవాత హాస్టల్ నుంచి ఊరికి వచ్చిన ఒక విద్యార్థి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వడ్డించిన కంచం ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో `Inti bhojanam` అని రాశాడనుకుందాం. ఒక్క మాట కూడా మార్చకుండా దీని స్వరాన్ని ఎన్నో రకాలుగా మార్చవచ్చు.

ఫోన్ కీబోర్డు సాధారణంగా వాక్యంలో మొదటి అక్షరాన్ని దానంతటదే క్యాపిటల్ చేస్తుంది. కాబట్టి `Inti bhojanam` చూసినవారికి ప్రత్యేకంగా ఏమీ అనిపించదు. `inti bhojanam` అని రావాలంటే సెట్టింగ్స్‌లో ఆ సదుపాయాన్ని ఆపేయాలి, లేదా టైపు చేసేటప్పుడే దిద్దుకోవాలి. అంటే అది కావాలని ఎంచుకున్న రూపం. దాంతో క్యాప్షన్ గొంతు తగ్గించి, తనలో తాను అనుకున్నట్టు వినిపిస్తుంది. ఆరియానా గ్రాండే 2018లో విడుదల చేసిన `thank u, next` పాట పేరు కూడా పూర్తిగా స్మాల్ లెటర్స్‌లోనే ఉంది. `INTI BHOJANAM` అని అన్నీ క్యాపిటల్స్‌లో రాస్తే కేక పెట్టినట్టే. అది సంతోషపు కేకో, కోపపు కేకో ఫొటోయే చెప్పాలి. ఇక్కడ నెయ్యి కరుగుతున్న పప్పు ఉంది కాబట్టి ఎవరూ పొరబడరు.

అయితే ఈ సంకేతం అన్నిచోట్లా పనిచేయదు. కంప్యూటర్‌లో టైపు చేసినప్పుడు అక్షరం చాలాసార్లు స్మాల్‌లోనే ఉండిపోతుంది. దాని వెనక ఏ ఉద్దేశమూ ఉండకపోవచ్చు. ఎప్పుడూ స్మాల్ లెటర్స్‌లోనే రాసే వ్యక్తి ఈసారీ అలాగే రాస్తే అందులో విశేషం లేదు. ఆ వ్యక్తి హఠాత్తుగా క్యాపిటల్‌తో మొదలుపెడితేనే ఏదో మారిందని పసిగట్టాలి. స్వరాన్ని సరిగా పట్టుకోవాలంటే ముందు రాసినవారి పాత క్యాప్షన్లు చూడాలి.

చివర పెట్టే ఫుల్‌స్టాప్ ఇంకా సున్నితమైనది. అమెరికాలోని బింగమ్‌టన్ విశ్వవిద్యాలయంలో సీలియా క్లిన్ బృందం 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఒక్క మాటతో ఇచ్చిన ఫోన్ మెసేజ్ జవాబు చివర చుక్క ఉంటే అందులో చిత్తశుద్ధి తక్కువని విద్యార్థులు భావించారు. అదే జవాబు చేతిరాత చీటీలో ఉన్నప్పుడు ఆ తేడా కనిపించలేదు. మెసేజ్‌ను పంపడంతోనే వాక్యం ముగిసినట్టు తెలుస్తుంది గనక చుక్క అవసరం ఉండదు. అవసరం లేనిచోట కనిపించిన గుర్తుకు మనసు వేరే అర్థం వెతుక్కుంటుంది. అందుకే `Inti bhojanam.` కాస్త బిగుసుకున్నట్టు, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు ఉంటుంది. నాలుగైదు వాక్యాల క్యాప్షన్‌లో మాత్రం చుక్కలు మామూలు పనే చేస్తాయి. `inti bhojanam...` అన్నప్పుడు చాలామంది కుర్రవాళ్లకు చెప్పకుండా మింగిన మాట ఏదో ఉన్నట్టు తోస్తుంది. వాక్యాలను విడదీయడానికే మూడు చుక్కలు వాడే పెద్దవారి ఉద్దేశం అది కాకపోవచ్చు. ఇంట్లో అపార్థాలు ఇక్కడే ఎక్కువగా పుడతాయి.

ఎమోజీ విషయంలో బొమ్మ ఎంత ముఖ్యమో చోటూ అంతే ముఖ్యం. `inti bhojanam 😭` అంటే ముందు తిండి గుర్తొస్తుంది, తరవాత ఆనందంతో కళ్లు చెమర్చినట్టు తెలుస్తుంది. చివర ఉన్న ఎమోజీ చుక్క స్థానాన్ని తీసుకుని ఆ బిగువును సడలిస్తుంది. `😭 inti bhojanam` లో ఏడుపు ముందే కనపడుతుంది. ఏమైందోనన్న చిన్న కంగారుతో పాఠకుడు మాటల్లోకి వెళ్లి, అక్కడ నవ్వుకుంటాడు. `inti 😭 bhojanam` లో ఎమోజీ మాట మధ్య తెగిన ఊపిరిలా ఉంటుంది. బరువంతా ‘ఇంటి’ మీద పడి, బెంగ తిండి మీద కన్నా ఇంటి మీదే ఎక్కువని తెలుస్తుంది.

పొడవైన క్యాప్షన్‌కు ఇంకో చిక్కుంది. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో మొదటి భాగమే చూపి, మిగతాది `more` వెనక దాస్తుంది. ‘అమ్మ వంట తిని తిని విసుగొచ్చింది’ అని మొదలుపెట్టి, అది సరదా అని చెప్పే ఎమోజీని ఆఖర్న పెడితే, కొందరికి విసుగు మాత్రమే కనపడుతుంది. సరదా మాట పక్కనే ఆ గుర్తు ఉండాలి. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఎమోజీ పేరును పైకి చదువుతుంది. మాటల మధ్య పెట్టిన 😭 వారికి వాక్యాన్ని తెంచే మరో మాటలా వినిపిస్తుంది. అలాంటి పాఠకుల కోసం ఎమోజీని చివర ఒక్కసారి పెట్టడమే మేలు.

అదే క్యాప్షన్‌ను తెలుగు లిపిలో రాస్తే క్యాపిటల్, స్మాల్ తేడా అసలు ఉండదు. కేకకూ గుసగుసకూ ఒకటే అక్షరం. అప్పుడు ‘అబ్బ, ఇంటి భోజనం!’ అనో, ‘ఇంటి భోజనమే’ అనో మాటతోనే స్వరం పలికించాలి. చుక్క, ఎమోజీ మాత్రం అక్కడా తమ పని తాము చేస్తాయి.