రెండు బర్నర్లు, నాలుగు వంటలు, ఎనిమిదిన్నరకు భోజనం

టమాటా పప్పు, బెండకాయ వేపుడు, చారు, అన్నం, చివర్లో పెరుగు. తెలుగింట్లో రాత్రి పూట దీన్ని పూర్తి భోజనమే అంటారు. విడివిడిగా చూస్తే వీటిలో కష్టమైనది ఒక్కటీ లేదు. అన్నీ ఒకే వేళకు వేడివేడిగా తయారు కావడమే కష్టం. మొదటిసారి వంటింట్లోకి వెళ్లినవాళ్లు తడబడేదీ అక్కడే.

ఉదాహరణకు డిగ్రీ చదివే ఒక కుర్రాడి వంట చూద్దాం. తల్లి ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం షిఫ్టు. తండ్రికి బట్టల కొట్టులో పని. ఇద్దరూ ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. పొయ్యికి రెండే బర్నర్లు, ఇంట్లో కుక్కరు ఒక్కటే. ముగ్గురికి వంట. మొదటి వంటకే గుత్తివంకాయో బిర్యానీయో పెట్టుకోకపోవడం అతను చేసిన తెలివైన పని.

ఈ భోజనంలో అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది పెరుగు. అది పొయ్యి మీద తయారయ్యేది కాదు కాబట్టి చాలామందికి రాత్రి దాకా గుర్తుకే రాదు. గోరువెచ్చని పాలు అర లీటరుకు ఒక చెంచా తోడు వేస్తే వేసవిలో ఐదారు గంటల్లో తోడుకుంటుంది. చలికాలంలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మధ్యాహ్నమే తోడు పెట్టి సాయంత్రం గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి పులవదు.

మిగతా పనుల వేళలు భోజనం నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ఏడింటికి పావు లీటరు గ్లాసుతో అర గ్లాసు కందిపప్పు, గ్లాసున్నర బియ్యం కడిగి విడివిడిగా నానబెట్టాలి. చింతపండు కూడా అప్పుడే నానెయ్యాలి. బెండకాయలు ముందే కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తరగాలి. బెండకాయ జిగురు నీళ్లు తగిలితే సాగుతుంది. తడి కాయ తరిగితే కత్తికి, చేతికి, ఆఖరికి బాణలికి కూడా ఆ జిగురే అంటుకుంటుంది.

ఏడున్నరకు ఒక బర్నరు మీద కుక్కరు, రెండోదాని మీద వేపుడు ఎక్కుతాయి. వేపుడుకు పాతిక నిమిషాలు పడుతుంది, మధ్యమధ్య కలపాలి. వెడల్పాటి బాణలిలో ముక్కలు పలచగా పరుచుకునేలా వేసి, మూత పెట్టకుండా వేయించాలి. మూత పెడితే ఆవిరి తిరిగి ముక్కల మీదే పడి మళ్లీ జిగురు మొదలవుతుంది. ఉప్పు మొదట్లోనే వేసినా ముక్కల్లోని నీరు బయటికొచ్చి అదే జరుగుతుంది. అందుకని ఉప్పూ కారమూ దించే ముందే. అరకిలో ముక్కలు వేగాక చాలా తగ్గిపోతాయి కాబట్టి, మొదట కంటికి కనిపించే పరిమాణాన్ని బట్టి ఉప్పు వేస్తే తప్పకుండా ఎక్కువవుతుంది. చారులో ఉప్పెక్కువైతే నీళ్లు పోసి సర్దుకోవచ్చు, వేపుడులో ఆ వీలుండదు.

ఏడూ ముప్పావుకు కుక్కరు దించి పక్కన పెట్టాలి. ఆవిరి తనంతట తాను తగ్గడానికి పావుగంటైనా పడుతుంది. కొత్తవాళ్ల లెక్కలో సాధారణంగా లేనిది ఈ పావుగంటే. ఖాళీ అయిన బర్నరు మీద అన్నానికి ఎసరు పెట్టాలి. పాత బియ్యానికి ఒకటికి రెండు గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యానికి అంతకంటే కాస్త తక్కువ. పాత కొలతే కొత్త బియ్యానికీ వాడితే అన్నం ముద్దవుతుంది. ఎసరు ఇగిరాక మంట కట్టేసి పది నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తే మెతుకు నిలబడుతుంది.

ఎనిమిదింటికి వేపుడు దిగుతుంది, ఆ బర్నరు మీదికి చారు వస్తుంది. చింతపండు రసం, పసుపు, ఉప్పు, చిదిమిన టమాటా కలిపి మరిగించి, పచ్చి వాసన పోయాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేయాలి. అవి పడ్డాక ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి. ఇంకా మరిగిస్తే ఘుమఘుమ అంతా వంటింట్లోనే మిగిలిపోతుంది, గిన్నెలో పులుపు మాత్రమే ఉంటుంది.

ఇంతవరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఎనిమిదీ ఐదుకు కుక్కరు మూత తీస్తే పప్పు పలుకుగా ఉంది. వేళ్ల మధ్య నొక్కితే నలగకుండా రెండు బద్దలుగా విడిపోయింది. ఇందుకు కారణాలు రెండు. మొదటిది, పప్పుతోపాటు చింతపండు కూడా కుక్కరులో వేశాడు. పులుపు తగిలితే గింజ కణాల గోడలు త్వరగా మెత్తబడవు. టమాటా పులుపు తక్కువ కనుక కుక్కరు ఒత్తిడిలో అంతగా అడ్డుపడదు కానీ, చింతపండు అలా కాదు. దాన్ని పప్పు మెదిపాకే కలపాలి. బోరు నీళ్లలోని సున్నం కూడా పప్పును ఇలాగే గట్టిగా ఉంచుతుంది. మంచినీళ్లతో ఉడికించమని పెద్దవాళ్లు అనేది ఇందుకే.

రెండో కారణం కూతలు. కుక్కరు లోపల వేడి సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తుంది. పప్పును ఉడికించేది ఆ వేడిలో గడిచే సమయం. పెద్ద మంట మీద నాలుగు కూతలు గబగబా వచ్చేస్తాయి, పప్పుకు మాత్రం నాలుగైదు నిమిషాలే దక్కుతాయి. మొదటి కూత రాగానే మంట తగ్గించి పది పన్నెండు నిమిషాలు ఉంచితే, కూతలు ఎన్ని వచ్చినా రాకపోయినా, నానిన కందిపప్పు వెన్నలా మెదుగుతుంది. పప్పు నురగ కూత గొట్టానికి అడ్డం పడకుండా కుక్కరులో సగానికి మించి నింపకూడదు. రెండు చుక్కల నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

చింతపండు పీచు తీసేసి, అరగ్లాసు మరిగే నీళ్లు పోసి కుక్కరు మళ్లీ ఎక్కించాడు. చన్నీళ్లు పోసి ఉంటే వేడెక్కడానికే ఇంకొన్ని నిమిషాలు పోయేవి. చారు అప్పుడే దిగింది, అన్నం ఇగురుతోంది. కాబట్టి బర్నరు ఖాళీగానే దొరికింది. అన్నిటినీ చివరి నిమిషానికి పెట్టుకుని ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు.

ఎనిమిదిన్నరకు తల్లి గుమ్మంలోకి వచ్చేసరికి కుక్కరు పొయ్యి మీదే ఉంది.

"ఏంట్రా, ఇంకా కూత వేస్తోంది?"

"పప్పు పలుకుగా ఉందమ్మా. నువ్వు స్నానం చేసిరా, అయిపోతుంది."

షిఫ్టు నుంచి వచ్చిన మనిషి నేరుగా పీట మీద కూర్చోదు. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తండ్రి కాళ్లు కడుక్కుని కాసేపు మంచం మీద నడుం వాలుస్తాడు. వంట లెక్క ఇంటికి వచ్చే వేళను బట్టి కాక, కంచం ముందు కూర్చునే వేళను బట్టి వేస్తే ఇలాంటి పొరపాటుకు చోటుంటుంది. ఆ ఇరవై నిమిషాల్లో పప్పు మెత్తబడింది.

చివరి పని పోపు. నూనె బాగా కాగాక ఆవాలు వేసి, చిటపటలు సద్దుమణిగేదాకా ఆగాలి. పేలని ఆవాలు పంటికింద చేదుగా తగులుతాయి. తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఆఖరున ఇంగువ, కరివేపాకు. జీలకర్ర క్షణాల్లో మాడుతుంది కనుక ఆవాలతో కలిపి వేయకూడదు. ఒకే పోపు పెద్దగా పెట్టి సగం పప్పులో, సగం చారులో వేస్తే ఒక బాణలి కడిగే పని తప్పుతుంది.

తొమ్మిదికి ముందే వడ్డన మొదలైంది. వేపుడు కాస్త చల్లారింది. వేపుడుకు అది పెద్ద లోపం కాదు, వేడిగా ఉండాల్సింది అన్నమూ చారూ. పప్పులో ఉప్పు చాలలేదని తండ్రి చెబితే, కుర్రాడు ఉప్పు గరిటెడు వేడి చారులో కరిగించి పప్పులో కలిపాడు. చిక్కటి పప్పులో పొడి ఉప్పు చల్లితే ఒకచోటే ఉండిపోతుంది. మిగిలిన పప్పును ఆ రాత్రే వేరే గిన్నెలోకి తీసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్నకు బాగా బిగుస్తుంది కాబట్టి వేడి నీళ్లు పోసి మరిగించి, అప్పుడు మళ్లీ ఉప్పు చూసుకోవాలి.