నలభై డబ్బాలు, ఒకే గొంతు

1999లో లండన్‌లో మొదలైన ఇన్నోసెంట్ అనే పండ్లరసాల కంపెనీ సీసాల మీద కొనేవాళ్లతో కబుర్లాడి పేరు తెచ్చుకుంది. చూడ్డానికి తేలికే. చిలిపి మాట ఒకటి ఎవరైనా రాస్తారు. నలభై సరుకుల మీద ఒకే మనిషి మాట్లాడుతున్నట్టు రాయడం దగ్గరే తంటా.

పొడులూ పచ్చళ్లూ ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. కందిపొడి కింద ఇలా ఉంది: "నాణ్యమైన దినుసులతో, సంప్రదాయ పద్ధతిలో చేసిన అద్భుతమైన రుచి." పేరు మారిస్తే ఇది కారప్పొడికీ సరిపోతుంది. అందుకే ముందు దీన్ని పక్కన పడేసి, ఆ పొడి గురించిన నిజాలు రాసుకోవాలి: వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు, వేడన్నంలో నెయ్యితో తింటారు, కూర లేని పూట ఆదుకుంటుంది.

తర్వాత, మాట్లాడేది ఎవరో తేల్చుకోవాలి. ఇక్కడ వంటకి బద్ధకించినవాళ్ల పక్షాన నిలబడే పక్కింటి మనిషి అనుకుందాం. కొనేవాళ్లని "మీరు" అనే అంటుంది, వెక్కిరించదు, ఆశ్చర్యార్థకాలు వాడదు. ఆమె చెబితే కందిపొడి ఇలా మారుతుంది:

"కూర వండలేదా? మేం ఎవరికీ చెప్పం. వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు. వేడన్నం, నెయ్యి మాత్రం మీ పూచీ."

బాగుంది కదా అని గోంగూర మీద కూడా "మేం ఎవరికీ చెప్పం" అంటే అది ఊతపదమైపోతుంది. నిలుపుకోవాల్సింది ఆమె వైఖరిని, ఆ వాక్యాన్ని కాదు. గోంగూరకి దాని గుణంలోంచే మాట పుట్టాలి: "పులుపు గోంగూరది, ఘాటు మిరపకాయది. మధ్యలో ఉల్లిపాయ ముక్క పెట్టి రాజీ చేయడం మీ వంతు."

ఈ రెండిటి చివరలూ చూడండి. రెండూ కొనేవాళ్లకి పని అప్పజెప్పి ముగిశాయి. విడివిడిగా చదివితే ఇది కంటికి ఆనదు. వివరణలన్నీ ఎక్సెల్‌లో ఒకే నిలువు వరుసలో పెట్టి, మొదటి వాక్యాలు మాత్రమే ఒకసారి, చివరి వాక్యాలు మాత్రమే ఇంకోసారి చదివితే ఇట్టే దొరికిపోతుంది. పదిహేను వివరణలు "...లేదా?" అనే ప్రశ్నతో మొదలయ్యాయని తెలిసేదీ అప్పుడే. గొంతు కుదిరిందో లేదో చూడ్డానికి నేనైతే ఆవకాయని కాదు, మామూలు ఉప్పు ప్యాకెట్‌ని ముందు రాయిస్తాను. ఆవకాయ మీద ఎవరైనా చమత్కరిస్తారు.

కొన్నిచోట్ల ఆమె నోరు మూసుకోవాలి. వేరుశనగ పడనివాళ్లకి పల్లీపొడిలో పల్లీలున్నాయన్న సంగతి సూటిగా తెలియాలి. దినుసుల జాబితా, తూకం, గడువు తేదీల్లో చమత్కారం పనికిరాదు. కరివేపాకు పొడి మీద "షుగర్‌కి చెక్" అని సరదాగా రాసినా అది ఆరోగ్య ప్రకటనే. ఆహార ప్రకటనల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల్లో సరదాకి మినహాయింపేమీ లేదు.